గుండె బొమ్మను మెట్లు మెట్లుగా చూపాలంటే ఒకే స్లైడా, ఎనిమిది స్లైడ్లా?

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు రక్తప్రసరణ చెబుతూ పూర్తి బొమ్మను ఒకేసారి తెర మీద పెడితే, నేను బృహత్సిర దగ్గర ఉండగానే వాళ్ల చూపు బృహద్ధమనికి చేరుకుంటుంది. రక్తం నడిచే వరుసలోనే బొమ్మ తెరుచుకోవాలి. ముందు ఖాళీ రూపురేఖ, తర్వాత బృహత్సిర, కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమనితో ఊపిరితిత్తులు, పుపుస సిరలతో ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, చివర బృహద్ధమని. మొత్తం ఎనిమిది మెట్లు. పవర్‌పాయింట్‌లో దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది, బొమ్మనంతా ఒకే స్లైడులో గీసి, ఒక్కో భాగానికి యానిమేషన్ ఇవ్వడం. పేరులో తప్పు దొర్లితే ఒకే చోట దిద్దితే చాలు. అయితే బాణాన్నీ దాని పేరునూ ముందే Ctrl+G తో జత చేయాలి. యానిమేషన్ ఇచ్చాక జత చేస్తే ఇచ్చినదంతా పోతుంది. బాణాలకు నేను Wipe వాడతాను. అది మామూలుగా కింది నుంచి పైకి తెరుచుకుంటుంది. బృహత్సిర నుంచి కర్ణికలోకి దిగే బాణానికి అలాగే వదిలేస్తే ముందు మొన కనిపించి, ఆ తర్వాత తోక పైకి పాకుతుంది. రక్తం గుండెలోంచి వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. Effect Options లో From Top ఎంచుకుంటేనే ప్రవాహం సరైన దిక్కున సాగుతుంది.

ఈ దారిలో నన్ను నిజంగా బాధపెట్టింది పీడీఎఫ్. చిత్తూరు బస్సులో ఫోనులో చదువుకునే పిల్లలకు పాఠాన్ని పీడీఎఫ్‌గా పంపితే, ఎనిమిది మెట్లూ ఒకే పేజీలో పడ్డాయి. క్లాసులో నేను పాటించిన వరుస అందులో మిగల్లేదు.

రెండో దారిలో పూర్తి బొమ్మను ముందు గీసి, Ctrl+D తో నకళ్లు తీసి, ఒక్కో నకలులో చివరి నుంచి ఒక్కో భాగాన్ని తొలగిస్తాను. మొదటి నుంచి కలుపుకుంటూ వస్తే ఏదో ఒక గీత కాస్త జరిగి, స్లైడు మారినప్పుడు గుండె ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తుంది. తొలగిస్తూ పోతే ఏ భాగమూ చోటు మారదు. పీడీఎఫ్‌లో మెట్టుకొక పేజీ వస్తుంది. "కుడి జఠరిక మళ్లీ చెప్పండి మేడమ్" అని ఎవరైనా అడిగితే ఆ స్లైడు సంఖ్య నొక్కి Enter కొడితే నేరుగా అక్కడికే వెళ్తాను. ఒకే స్లైడయితే వెనక్కి ఒక్కో నొక్కుడూ లెక్కపెట్టుకోవాలి.

నేను రెండో దారినే ఎంచుకున్నాను. మొదటి దారి నుంచి Wipe ఒక్కటే తెచ్చుకుని, ప్రతి స్లైడులోనూ కొత్తగా వచ్చిన బాణానికి మాత్రమే ఇచ్చి, After Previous పెట్టాను. అదనంగా నొక్కాల్సిన పని ఉండదు. దిద్దుబాటు మాత్రం కష్టమే. 'పుపుస ధమని' అక్షరం తప్పితే నాలుగు స్లైడ్లలో మార్చాలి. అందుకే నకళ్లు తీయకముందే పూర్తి బొమ్మను కాగితం మీద అచ్చు వేసి, ప్రతి పేరునూ పాఠ్యపుస్తకంతో సరిచూస్తాను.