వర్క్‌షాప్ పాస్ కొనేముందు ఆగండి: సైట్‌లో ఫోటో ఉన్న స్పీకర్ అసలు వస్తాననే చెప్పలేదు

నిన్న రాత్రి ఇంటికొచ్చాను. నిద్ర పట్టలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, తర్వాతైతే "పోనీలే" అనిపించి వదిలేస్తానేమోనని.

ఏ సదస్సు సంగతో డేటాబేస్‌ల మీద పనిచేసేవాళ్ళలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బ్యాంకులో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. సైట్ మాత్రం మీరూ చూసే ఉంటారు. పైన కౌంట్‌డౌన్, కింద వరసగా స్పీకర్ల ఫోటోలు, మూడు ట్రాక్‌ల అజెండా, మూడు రకాల టికెట్లు, అడుగున స్పాన్సర్ల లోగోలు. చూడగానే నమ్మకం కలిగేలా ఉంది. నేనూ నమ్మాను.

సాధారణ పాస్ తీసుకుంటే సరిపోయేది. దానికి రెండున్నర రెట్లు పెట్టి వర్క్‌షాప్ పాస్ కొన్నాను. ఆ తేడా అంతా ఒక్క మనిషి కోసం. క్వెరీ ట్యూనింగ్‌లో ఆవిడ రాసినవి ఏళ్ళ తరబడి చదువుతున్నాను. ఆవిడ పక్కన కూర్చుని సగం రోజు నేర్చుకోవచ్చని టికెట్ పేజీలో ఉంది. ఆఫీసు వాళ్ళు డబ్బు ఇవ్వలేమన్నారు, సొంత డబ్బే పెట్టుకున్నాను. మా దగ్గర నత్తనడకన నడిచే మూడు క్వెరీలు తీసి, టేబుళ్ళ పేర్లు మార్చి, వాటి `EXPLAIN ANALYZE` ఫలితాలు ప్రింట్ తీసుకుని మరీ వెళ్ళాను. ఒక క్వెరీలో ప్లానర్ నలభై వరసలొస్తాయని అంచనా వేస్తుంది, నిజానికి లక్షల్లో వస్తాయి. ఎందుకలా జరుగుతోందో ఆవిడనే అడగాలనుకున్నాను.

రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర బ్యాడ్జి ఇచ్చారు. దాని కింద బంగారు రంగు రిబ్బన్, మీద "వర్క్‌షాప్" అని అచ్చు. గది ఎక్కడని అడిగాను. డెస్క్‌లో ఉన్న అమ్మాయి పక్కనున్న కుర్రాడి వైపు చూసింది, ఆ కుర్రాడు లోపలికెళ్ళి ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. నిర్వాహకుల్లో ఒకరట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద హాల్లోనే "హ్యాండ్స్ ఆన్ సెషన్" ఉందన్నాడు. ఆవిడ వచ్చారా అని అడిగాను. రాలేదన్నాడు. ఎప్పుడు తెలిసిందండీ, మాకు ఒక్క మెయిల్ కూడా పెట్టలేదేం అని అడిగాను. అప్పుడు అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"మీరు టికెట్ కొన్నది ఈవెంట్‌కి మేడమ్, మనిషికి కాదు."

అని జేబులోంచి ఫోన్ తీసి, నిబంధనల పేజీ తెరిచి, నా మొహం ముందు పెట్టాడు. "స్పీకర్లు, కార్యక్రమాలు ముందస్తు సమాచారం లేకుండా మారవచ్చు." అది చదివేలోపే ఫోన్ వెనక్కి తీసేసుకుని, నా వెనక లైన్లో ఉన్నాయన్ని "రండి సర్" అన్నాడు. ఒక్క "సారీ" లేదు. చేతిలో ప్రింట్లు పట్టుకుని పక్కకి తప్పుకున్నాను. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. అక్కడే నిలబడి గట్టిగా అడగాల్సింది. అడగలేకపోయాను.

ఆ "హ్యాండ్స్ ఆన్ సెషన్" ఒక స్పాన్సర్ కంపెనీ వాళ్ళ ప్రోడక్ట్ డెమో. నలభై నిమిషాలు. కుర్చీలే తప్ప బల్లల్లేవు, లాప్‌టాప్‌కి ప్లగ్ లేదు. చెప్పినతను సేల్స్ మనిషి. పాపం అతన్ని అనడానికేం లేదు, అది వర్క్‌షాప్ అని మాకు అమ్మారని అతనికే తెలీదు.

సాయంత్రం ఆవిడకే మెయిల్ పెట్టాను, జవాబొస్తుందన్న ఆశేం లేకుండానే. రెండు గంటల్లో వచ్చింది. "నన్ను పిలిచిన మాట నిజమే, సదస్సుకి పది వారాల ముందే రాలేనని చెప్పేశాను, నా ఫోటో పెట్టారని ఎవరో చెబితే తీసేయమని ఇంకో మెయిల్ కూడా రాశాను" అంది.

అప్పుడు కూర్చుని వేబ్యాక్ మెషీన్‌లో ఆ సైట్ పాత కాపీలు ఒక్కొక్కటే తెరిచాను. ఈ తేదీలు వరసగా చూడండి, అసలు సంగతి ఇందులోనే ఉంది. సదస్సుకి పది వారాల ముందు ఆవిడ రానని చెప్పింది. ఏడు వారాల ముందు ఆవిడ ఫోటో చూసి నేను టికెట్ కొన్నాను. ముప్పై రోజుల ముందు రీఫండ్ గడువు ముగిసింది. ఇరవై రెండు రోజుల ముందు తీసిన కాపీలో కూడా ఆవిడ ఫోటో ఉంది. పన్నెండు రోజుల ముందు తీసిన కాపీలో లేదు. అంటే డబ్బు వెనక్కి అడిగే దారి మూసుకుపోయేదాకా ఉంచి, ఆ తర్వాత చడీచప్పుడు లేకుండా తీసేశారు. చివరి నిమిషంలో స్పీకర్ రాలేకపోవడం ఎక్కడైనా జరుగుతుంది, దాన్ని నేను తప్పు పట్టను. ఆవిడ రాదని తెలిసీ మూడు వారాల తర్వాత ఆవిడ పేరు మీద నాకు టికెట్ అమ్మారు. దీన్ని మార్పు అనరు, మోసం అంటారు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. పరిశోధన పత్రికలు, సదస్సులు నడిపే ఓమిక్స్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో ఇదీ ఒక ఆరోపణే, వస్తామని ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు చూపించి సదస్సులకి జనాన్ని రప్పించారని. 2019లో కోర్టు ఐదు కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. అప్పట్లో ఆ వార్త చదివి, అది పరిశోధకుల గొడవ, మనకేం సంబంధం అనుకుని పక్కన పెట్టాను.

నన్ను ఎక్కువ బాధిస్తున్నది ఇంకొకటి. ఇదంతా సైట్‌లోనే కనిపిస్తోంది, నేను చూడలేదు. స్పీకర్ల పేజీలో ఇరవై ఆరు మొహాలున్నాయి. అజెండాలో మూడు ట్రాక్‌లు, ట్రాక్‌కి ఆరు సెషన్లు, మొత్తం పద్దెనిమిది. వాటిలో మనిషి పేరు ఉన్నవి తొమ్మిదే. మిగతా తొమ్మిదింట్లో అంశం పేరు ఉంది, మనిషి పేరు బదులు "త్వరలో ప్రకటిస్తాం". ఇరవై ఆరుగురిని పిలిచినవాళ్ళకి తొమ్మిది గళ్ళు ఎందుకు ఖాళీగా ఉన్నాయని నాకు అప్పుడు తట్టలేదు.

జవాబు స్పాన్సర్ల విభాగంలో ఉంది. లోగోల కింద "స్పాన్సర్ అవ్వండి" అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. మనం కొనేవాళ్ళం కాబట్టి దాన్ని తెరవం. నిన్న రాత్రి తెరిచాను. ప్లాటినం స్పాన్సర్లు ఇద్దరు, ఒక్కొక్కరికి అరగంట ప్రసంగం. గోల్డ్ ఐదుగురు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. అంటే ఏడు సెషన్లు మొదటి నుంచీ అమ్మకానికి పెట్టినవే. ఆ ఖాళీ తొమ్మిదిలో ఏడు ఇవే అన్నమాట. స్పాన్సర్ మాట్లాడటం తప్పు కాదు, చాలా మంచి సదస్సులు కూడా అలాగే నడుస్తాయి, కానీ వాళ్ళు ఆ సెషన్ మీద "స్పాన్సర్ సెషన్" అని రాస్తారు. ఇక్కడ ఎక్కడా రాయలేదు. లోగోల్లో సగం "కమ్యూనిటీ పార్ట్‌నర్", "మీడియా పార్ట్‌నర్" బాపతు. పోస్టు పెట్టినందుకు లోగో వేస్తారు, అందులో డబ్బూ ఉండదు, పూచీ కూడా ఉండదు. అన్నీ ఒకే వరసలో ఒకే సైజులో పెట్టారు కాబట్టి పెద్ద కంపెనీలన్నీ వెనక ఉన్నాయనిపించింది.

ఇక నేను కొన్న వర్క్‌షాప్. టికెట్ పేజీలో ఉంది, అజెండాలో లేనే లేదు! సగం రోజు వర్క్‌షాప్ అంటే ఏదో ఒక ట్రాక్‌లో మూడు గంటల గడి ఉండాలి, గది పేరు ఉండాలి, ఎంతమందికి చోటుందో ఉండాలి, లాప్‌టాప్‌లో ముందుగా ఏం ఇన్‌స్టాల్ చేసుకోవాలో ఉండాలి. ఒక్కటీ లేదు. అమ్ముతున్నది షెడ్యూల్లో ఉందో లేదో చూడ్డానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నేను పెట్టలేదు. కౌంట్‌డౌన్‌లో గంటన్నరే ఉందని కంగారుపడి కార్డు నంబర్ కొట్టేశాను. ఆ టైమర్ కూడా అబద్ధమే, తర్వాత ఇంకో బ్రౌజర్లో తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది.

స్పీకర్ కార్డు మీద కూడా ఒక మాట ఉంది. కొందరి ఫోటోల కింద "కన్ఫర్మ్‌డ్" అని, ఆవిడ ఫోటో కింద "ఇన్వైటెడ్" అని. గౌరవంగా పిలిచారు కాబోలు అనుకున్నాను. పిలిచారు, అంతే. వస్తానన్నారని ఆ మాటకి అర్థం కాదు.

కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది కొంచెమే. ఎవరి కోసం వెళ్తున్నారో ఆ మనిషి సొంత సైట్‌లోనో, ఖాతాలోనో తను వెళ్తున్నట్టు రాసుకున్నారేమో చూడండి. లేకపోతే ఒక మెయిల్ పెట్టండి, నాకు రెండు గంటల్లో జవాబొచ్చింది, అదే మెయిల్ ఏడు వారాల ముందు పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. డబ్బు కట్టిన రోజే స్పీకర్, అజెండా, టికెట్, నిబంధనల పేజీలు నాలుగూ పీడీఎఫ్‌గా దాచుకోండి, `web.archive.org/save` లో ఆ లింకులు పెట్టి కాపీ కూడా తీయించండి. కార్డుతోనే కట్టండి. వాళ్ళ బ్యాంకు ఖాతాకి నేరుగా డబ్బు పంపితే, చెప్పినదీ ఇచ్చినదీ ఒకటి కాదని కార్డు మీద అడిగినట్టు వెనక్కి అడగడం కుదరదు.

నేను ఈ ఉదయం కార్డు ఇచ్చిన బ్యాంకులో ఆ ఫిర్యాదే పెట్టాను. కొన్ననాటి ఇన్‌వాయిస్, అందులో "వర్క్‌షాప్ పాస్" అన్న వరస, రెండు తేదీల పాత కాపీలు, ఆవిడ అనుమతి అడిగి ఆవిడ మెయిల్ జత చేశాను. మొత్తం టికెట్ అడగలేదు, సాధారణ పాస్‌కీ దీనికీ ఉన్న తేడా మాత్రమే అడిగాను, ఎందుకంటే మిగతా సదస్సుకి నేను హాజరయ్యాను. మొత్తం అడిగితే "వచ్చి కూర్చున్నారు కదా" అని వాళ్ళు సులువుగా తోసిపుచ్చుతారు. ఇలాంటి ఫిర్యాదుకి గడువు ఉంటుంది, బ్యాంకుని బట్టి మారుతుంది, ఆలస్యం చేయకండి.

నిన్న హాల్లో బంగారు రిబ్బన్ ఉన్నవాళ్ళు ఇరవై మందికి తక్కువ లేరు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే మీ ఇన్‌వాయిస్ తీసి ఆ వరస ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఈ ఉదయం చూస్తే సైట్‌లో టికెట్ పేజీ అప్పటికే తీసేశారు. పాత కాపీ లింకు నా దగ్గర ఉంది, అడిగితే పంపిస్తాను.