నెట్ 30 మేలా, ఈఓఎం 30 మేలా?

ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ల లెక్కలు చూస్తుంటాను. పరవాడ వైపు కంపెనీల నుంచి పీఓ, అంటే కొనుగోలు ఆర్డర్, వచ్చినప్పుడల్లా యజమానులు అడిగే ప్రశ్న ఇదే. పేమెంట్ టర్మ్స్ దగ్గర ఒకరు ‘నెట్ 30’ అని రాస్తారు, ఇంకొకరు ‘30 రోజులు ఈఓఎం’, అంటే ఎండ్ ఆఫ్ మంత్, అని రాస్తారు. రెండింటిలోనూ ముప్పై రోజులే కదా, ఏది ఒప్పుకోవాలి?

నా దృష్టిలో ముప్పై అనే అంకె కంటే, ఆ ముప్పై ఏ రోజు నుంచి మొదలవుతుందన్నదే ముఖ్యం. నెట్ 30లో బిల్లు తేదీ నుంచి లెక్క. బిల్లు రోజును వదిలేసి మర్నాటిని ఒకటిగా లెక్కపెట్టాలి. 2026 జులై 1న వేసిన బిల్లుకు డ్యూ డేట్ జులై 31. ‘ముప్పై రోజులు’ అంటే ‘ఒక నెల’ కాదు, నెల అని లెక్కేస్తే ఆగస్టు 1 వస్తుంది.

ఈఓఎంలో బిల్లు వేసిన నెల ముగిశాకే లెక్క మొదలవుతుంది. అదే జులై 1 బిల్లుకు జులై 31 దాకా ఆగి, అక్కడి నుంచి ముప్పై రోజులు కలిపితే ఆగస్టు 30. అంటే అసలు గడువు 60 రోజులు. ఆ సరుకునే జూన్ 30న పంపి ఆ రోజే బిల్లు వేసి ఉంటే జులై 30కే డబ్బు రావాలి. ఒక్క రోజు తేడాతో నెల రోజులు పోయాయి. ఈ టర్మ్స్ మీద పనిచేసేవాళ్లు నెలాఖరు బిల్లును మర్నాటికి జారనివ్వకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కొన్ని కంపెనీల అకౌంట్స్ వాళ్లు ముందు ముప్పై రోజులు కలిపి, ఆ తేదీ పడిన నెల చివరికి వెళ్తారు. అలా చూస్తే జులై 1 బిల్లు జులై 31కే వచ్చేస్తుంది. జనవరి 31 బిల్లుకు మాత్రం ఎదురు తిరుగుతుంది: మొదటి పద్ధతిలో మార్చి 2, రెండో పద్ధతిలో మార్చి 31. ఎక్సెల్‌లో బిల్లు తేదీ A2లో ఉంటే నెట్ 30, ఈఓఎం మొదటి పద్ధతి, రెండో పద్ధతి వరుసగా ఇలా వస్తాయి:

```
=A2+30
=EOMONTH(A2,0)+30
=EOMONTH(A2+30,0)
```

పీఓలో ఏ పద్ధతో రాసి లేకపోతే వాళ్ల అకౌంట్స్‌కు ఒక మెయిల్ పెట్టి, ఒక బిల్లు తేదీ ఉదాహరణగా ఇచ్చి, డ్యూ డేట్ రాతలో తెప్పించుకోండి. ఆదివారం పడితే ముందు పని దినమా, తర్వాతి పని దినమా అన్నది కూడా అందులోనే అడగండి. పైన చెప్పిన ఆగస్టు 30 ఆదివారమే. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవుల్లోనూ నడుస్తోంది గానీ, కంపెనీలో పేమెంట్ అప్రూవ్ చేసే మనిషి ఆ రోజు ఉండరు.

ఈఓఎంకూ ఒక మంచి ఉంది. ఒకే కంపెనీకి నెలలో చాలా బిల్లులు వేస్తే అన్నిటికీ డ్యూ డేట్ ఒకటే, ఫాలోఅప్ ఒక్కసారితో సరిపోతుంది. నెలంతా మనుషుల్ని పంపి చివరి రోజున ఒకే బిల్లు వేసే కాంట్రాక్టర్‌కు మొదటి పద్ధతిలో నెట్ 30కీ దీనికీ తేడాయే లేదు. కానీ నెల మొదట్లో సరుకు పంపే యూనిట్‌కు, స్టీల్ డబ్బు ముందే కట్టేసినవాళ్లకు నేను నెట్ 30 అనే చెబుతాను.

దానికి చట్టం అండ కూడా ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీ యూనిట్‌కు, రాతపూర్వక ఒప్పందం ఏం చెప్పినా, సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకుండా చెల్లించాలని చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం అంటుంది. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా కలిపే చక్రవడ్డీ. బిల్లు రోజే సరుకు అందిందనుకుంటే, జులై 1 బిల్లుకు ఆ హద్దు ఆగస్టు 15. ఈఓఎం చెప్పే ఆగస్టు 30 దాన్ని దాటిపోయింది. జులై 16 నుంచి వేసిన బిల్లులే 45 రోజుల్లో ఇముడుతాయి. బేరం ఆడేటప్పుడు ఈ తేదీలు ఎదురుగా పెడితే నెట్ 30కి, కనీసం నెట్ 45కి దిగుతారు.

పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు అనే టర్మ్ కూడా కొందరు అడుగుతారు. మార్జిన్ బాగా ఉంటేనే ఒప్పుకోండి. బిల్లు అందగానే చెల్లింపు అన్నది పెద్ద కంపెనీలతో కుదరదు, చిన్న రిపేరు పనులకు సరిపోతుంది.