ఫ్రిజ్‌లో చపాతీ పిండి, రాత్రి మిగిలిన చపాతీలు: ఏడాదిన్నర వాడి చూశాక

ఏడాదిన్నరగా నేను చపాతీ పిండి రోజూ కలపడం లేదు. వారానికి రెండుమూడు సార్లు కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నాను. పొద్దున్నే టిఫిన్ డబ్బాలు సర్దాల్సిన ఇంట్లో ఆ ఇరవై నిమిషాలు కలిసి రావడం ఎంత ఊరటో చెప్పలేను. కానీ మొదటి నెలంతా టెన్షనే. రెండో రోజు మూత తీస్తే ముద్ద పైభాగం బూడిద రంగులో ఉండేది, అక్కడక్కడా నల్ల చుక్కలు. మా అత్తయ్య చూసి, "పిండి పాడైపోయిందమ్మా, పారేసెయ్" అనేవారు. నేనూ అలాగే అనుకుని, ఆ నెలలో నాలుగైదు సార్లు పారేశాను. అంత పిండి చెత్తబుట్టలో వేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు పారేసే ముందు ముద్దను చాకుతో మధ్యకు కోసి చూశాను. పైన చపాతీ మందాన మాత్రమే బూడిద రంగు ఉంది. లోపలంతా అప్పుడే కలిపినట్టు లేత గోధుమ రంగులోనే ఉంది. వాసన కూడా మామూలు పచ్చిపిండి వాసనే. కోసిన ఆ సగాన్ని గట్టు మీద అలాగే వదిలేస్తే, మధ్యాహ్నానికి ఆ కొత్త ముఖం కూడా మసకబారింది. అప్పుడు అర్థమైంది, ఇది కుళ్లు కాదు, గాలి తగిలి వచ్చిన రంగు అని.

వంకాయ ముక్కలు కోసి నీళ్లలో వేయకపోతే నల్లబడతాయి కదా, ఇదీ అదే. గోధుమ గింజ పై పొట్టులో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిండి తడిసి, గాలి తగిలిందంటే అది పని మొదలుపెడుతుంది. గింజలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలను ముదురు రంగులోకి మారుస్తుంది. ఫ్రిజ్ చల్లదనం ఆ పనిని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. పొట్టుతో సహా ఆడించిన పిండి ఎక్కువ నల్లబడడానికీ, మైదా ముద్ద అంతగా రంగు మారకపోవడానికీ కారణం ఇదే. నల్ల చుక్కలు కూడా చాలావరకు పొట్టు ముక్కలే, చుట్టూ ఉన్న పిండి కంటే ముందు రంగు మారతాయి.

సంగతి తెలిశాక ఒకసారి పద్ధతిగా పరీక్షించి చూశాను. 500 గ్రాముల పిండిని 300 మిల్లీలీటర్ల నీళ్లతో కలిపి మూడు ముద్దలు చేశాను. మొదటిది వదులు మూత ఉన్న స్టీలు గిన్నెలో ఊరికే పెట్టాను. రెండోదానికి చుట్టూ అర చెంచా నూనె రాసి, ముద్ద సరిగ్గా పట్టేంత చిన్న డబ్బాలో పైదాకా నొక్కి, గట్టి మూత పెట్టాను. మూడోదానికీ అంతే నూనె రాశాను గానీ, సగానికి పైగా ఖాళీ ఉండే పెద్ద డబ్బాలో పెట్టాను.

మర్నాడు సాయంత్రానికి మొదటి ముద్ద పైన బూడిద రంగు వచ్చి, పొర ఎండి చెక్కు కట్టింది. ఆ చెక్కును లోపలికి కలిపి పిసికితే చపాతీలో గట్టి పలుకులు తగిలాయి. రెండోది దాదాపు కలిపినప్పటిలాగే ఉంది. నేను ఊహించనిది మూడోదే. నూనె రాసినా, డబ్బాలో ఖాళీ వదిలిన వైపు మసక రంగు వచ్చింది, డబ్బా గోడకు ఆనుకున్న వైపు రాలేదు. అంటే నూనె కంటే కూడా డబ్బాలో మిగిలే గాలే ముఖ్యం. ఆ రోజు నుంచి చిన్న డబ్బాలే వాడుతున్నాను. రెండు పూటల పిండి ఉంటే రెండు డబ్బాల్లో పెడతాను, ఒకటి తెరిచినప్పుడు రెండోదానికి గాలి తగలదు.

48 గంటలకు కూడా రెండో డబ్బా పిండితో చపాతీలు బాగానే పొంగాయి. 72 గంటలకు రంగు కొంచెమే మారింది గానీ పిండి తీరు మారిపోయింది. ముద్ద జారుగా తయారై, పీటకు అంటుకుంటోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులుపు వాసన సన్నగా తగిలింది. అందుకే నా లెక్క రెండు రోజులు. రంగు బాగుందని మూడో రోజుకు లాగడం నాకు నచ్చలేదు.

ఈ జారుతనం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తినేవాళ్లకు రంగు కంటే ఇదే ఎక్కువ తెలుస్తుంది. పిండిలోని వేరే ఎంజైములు ఫ్రిజ్‌లోనూ మెల్లగా పని చేస్తూనే ఉంటాయి. కొన్ని పిండికి సాగే గుణం ఇచ్చే మాంసకృత్తులను తెంపుతాయి, కొన్ని పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. అందుకే రెండో రోజు పిండి మెత్తబడుతుంది, పెనం మీద త్వరగా ఎర్రబడుతుంది. అంటుకుంటోందని పొడిపిండి ఎక్కువగా చల్లి ఒత్తడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఆ పొడి పెనం మీద మాడి, చపాతీ గట్టిపడుతుంది. తప్పు పిండిదనుకున్నాను గానీ, చల్లిన పొడిదే.

దీనికి మందు కలిపేటప్పుడే ఉంది. ఆ పూటే చేసుకునే పిండికి 300 మిల్లీలీటర్లు పోస్తే, ఫ్రిజ్‌లో పెట్టే పిండికి 275 చాలు. కలిపినప్పుడు చేతికి కొంచెం బిగుతుగా అనిపిస్తుంది, మర్నాటికి సరిగ్గా కావాల్సిన మెత్తదనానికి వస్తుంది. పిండి రకాన్ని బట్టి ఒకటి రెండు చెంచాలు అటూ ఇటూ అవుతుంది. ఒత్తే ముందు కావలసినంత ముద్ద మాత్రమే తీసి, మూతపెట్టి అరగంట బయట ఉంచుతాను. చల్లగా ఉన్నప్పుడే ఒత్తితే అంచులు వెనక్కి లాగేస్తాయి. బయటికి తీసినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లోకి పంపను.

నిమ్మరసం కూడా వేసి చూశాను. 500 గ్రాములకు అర చెంచా వేస్తే రంగు మారడం బాగా తగ్గింది. ఒక చెంచా వేసినప్పుడు మాత్రం మా పిల్లలు పుల్లగా ఉందని వదిలేశారు. చిన్న డబ్బా ఉంటే దాని అవసరం లేదని నా అభిప్రాయం.

నిజంగా పాడైన పిండిని ఒకసారి చూశాను కాబట్టి తేడా చెప్పగలను. ఒక రాత్రి ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు. పొద్దున డబ్బా మూత ఉబ్బి ఉంది, తీయగానే ఘాటైన పులుపు వాసన కొట్టింది. ముద్దను విడదీస్తే లోపలంతా జాలీలా చిన్న చిన్న రంధ్రాలు, అడుగున జిగురు నీరు. అది ఆలోచించకుండా పారేయాల్సిందే. గులాబీ, ఆకుపచ్చ, నల్ల మచ్చలు నూగులా పైకి లేచి కనిపించినా అంతే, పై పొర తీసేసి మిగతాది వాడకూడదు. పొట్టు చుక్క పిండిలో కలిసిపోయి చదునుగా ఉంటుంది, బూజు పైకి లేచి ఉంటుంది. వెలుతురులో పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది.

ఇక కాల్చిన చపాతీల సంగతి. రాత్రి మిగిలినవి పొద్దున్నకు ఎక్కడ పెట్టాలన్నదానిలో నేను చాలాకాలం తప్పే చేశాను. ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. పొద్దున్నకు అట్టముక్కల్లా అయ్యేవి. ఎండిపోతున్నాయేమో అనుకుని కవర్లో గాలి లేకుండా చుట్టి పెట్టాను, అయినా గట్టిపడ్డాయి. తడి ఎక్కడికీ పోలేదు, చపాతీ మాత్రం బిగుసుకుంది. కాల్చేటప్పుడు నీరు పీల్చి మెత్తబడ్డ పిండిపదార్థం చల్లారే కొద్దీ మళ్లీ గట్టిగా కుదురుకుంటుంది. సున్నా కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉండే చోట, అంటే సరిగ్గా ఫ్రిజ్ చల్లదనంలో, అది చాలా వేగంగా జరుగుతుంది. బయట ఉంచినా జరుగుతుంది గానీ నెమ్మదిగా. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది.

అందుకే ఇప్పుడు పొద్దున్నే తినబోయేవైతే, వాతావరణం చల్లగా ఉన్న రోజుల్లో బయటే పెడతాను. కాల్చినవి వెంటనే హాట్‌బాక్స్‌లో పేర్చితే ఆవిరి నీరై కిందికి దిగి, అడుగు చపాతీ తడిసి చిరుగుతుంది. అందుకని మూడు నాలుగు నిమిషాలు విడివిడిగా ఆరనిచ్చి, పొడి నూలు గుడ్డలో చుట్టి డబ్బాలో పెడతాను. పది పన్నెండు గంటల దాకా బాగుంటాయి. ఉక్కపోత రోజుల్లో మాత్రం ఈ పని చేయను. కాల్చినా చావని బ్యాక్టీరియా బీజాలు కొన్ని పిండిలో ఉంటాయి, వేడి, తేమ దొరికితే అవి మేల్కొంటాయి. చపాతీని తుంచితే జిగురు తీగలు సాగినా, బాగా మగ్గిన పండు వాసన వచ్చినా అది వాటి పనే, ఇక వేడి చేసి లాభం లేదు. లోపల కూర పెట్టినవీ, పాలు, పెరుగు పోసి కలిపినవీ ఏ కాలంలోనైనా రాత్రంతా బయట ఉంచను.

ఎక్కువ మిగిలినా, ముందే చేసి పెట్టుకోవాలన్నా ఫ్రీజరే. దానికి చపాతీని రెండు వైపులా తెల్లగా మారేదాకా మాత్రమే కాల్చి, మచ్చలు పడకముందే తీసేస్తాను. పూర్తిగా చల్లారాక మధ్యలో బటర్ పేపర్ ముక్కలు వేసి, గాలి తీసిన జిప్ కవర్లో పెడతాను. కావలసినప్పుడు కరగనివ్వకుండా నేరుగా బాగా కాగిన పెనం మీద వేస్తే పొంగుతుంది కూడా. కొత్తగా కలిపి చేసిన చపాతీకి మా ఇంట్లో దీనికీ తేడా పట్టుకోలేకపోయారు. మూడు వారాల వరకు బాగున్నాయి, ఆపైన అంచులు ఎండి విరిగాయి.

బిగుసుకున్న చపాతీ వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, కానీ ఆ మెత్తదనం కాసేపే. చేయి తడి చేసుకుని రెండు వైపులా అద్ది, కాగిన పెనం మీద మూతపెట్టి అర నిమిషం ఉంచితే చాలు. మైక్రోవేవ్‌లో తడి గుడ్డ కప్పి ఇరవై సెకన్లు పెట్టినా మెత్తబడుతుంది, ప్లేటులోనే రెండు మూడు నిమిషాలకు తోలులా సాగడం మొదలవుతుంది. అందుకే టిఫిన్ డబ్బాలోకి వెళ్లే చపాతీకి మైక్రోవేవ్ వాడను. డబ్బాకు పెనమే, అదీ కొద్దిగా నూనె రాసి.

ఇప్పుడు డబ్బా మూత మీద కలిపిన రోజు రాసిన చిన్న కాగితం అంటిస్తున్నాను. అత్తయ్య కూడా ముందు ఆ కాగితం చూసి, తర్వాత మూత తీసి వాసన చూస్తున్నారు. పైన కొంచెం బూడిద రంగు కనిపిస్తే ఆ వైపును లోపలికి మడిచి పిసికి, వాళ్లే ఉండలు చేస్తున్నారు.