వంగిన కాలివేలికి జెల్ తొడుగు, మెత్త: మూడేళ్లు వాడాక

నా కుడికాలి రెండో వేలు బొటనవేలి కన్నా కాస్త పొడుగు. ఏళ్ల తరబడి కొస సన్నగా ఉన్న బూట్లే వేసుకున్నాను. చోటు చాలక ఆ వేలు మధ్య కణుపు దగ్గర గూడులా పైకి లేచింది, కొస నేలకు గుచ్చుకుంది. దీన్నే హ్యామర్ టో అంటారు. క్లా టో అయితే వేలి మొదలు పైకి లేచి, మిగతా రెండు కణుపులూ కిందికి ముడుచుకుంటాయి. అది సాధారణంగా ఒక్క వేలితో ఆగదు, చాలాసార్లు నరాల జబ్బు వల్ల వస్తుంది.

వేళ్లను లాగే పొడవాటి కండరాలు మోకాలి కింద ఉంటాయి. వాటి లాగుడుకు పాదంలోని చిన్న కండరాలు పగ్గం వేస్తాయి, వేలిని తిన్నగా నిలుపుతాయి. మధుమేహం వంటి వాటితో నరాలు దెబ్బతిని ఈ చిన్నవి నీరసించినా, నాలాగా బూటు వేలిని రోజంతా వంచి ఉంచినా, పెద్ద కండరాలదే పైచేయి అవుతుంది. వంగిన చోట మెత్తటి కణజాలం కురచబడిపోతే, ఆ తర్వాత బూటు విప్పినా వేలు తిన్నబడదు.

మొదట కొన్నది గొట్టంలాంటి జెల్ తొడుగు. కణుపు మీద ఆనెకాయ బూటుకు ఒరుసుకోకుండా అది వేలికి తొడుక్కోవాలి. నేను చేసిన తెలివితక్కువ పని, పాత బూట్లలోనే దాన్ని వాడటం. అసలే చోటు లేని చోట ఇంకో పొర చేరింది. వారం తిరిగేసరికి పక్కవేలి మీద కూడా ఎర్రమచ్చ. ముందుభాగం ఎత్తుగా, వెడల్పుగా ఉండి, నిలబడినప్పుడు పొడుగు వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ మిగిలే బూట్లు కొన్నాకే తొడుగు పని చేసింది. నిజం చెప్పాలంటే మేలులో ఎక్కువ వాటా బూట్లదే. తాళ్లు గట్టిగా కట్టుకోవాలి, లేకపోతే పాదం ముందుకు జారి ఆ ఖాళీని తినేస్తుంది.

వేలి కొస నొప్పికి తొడుగు చాలలేదు. దానికి వేళ్ల కింద ఒదిగే దిమ్మెలాంటి మెత్త తెచ్చుకున్నాను. అది వంగిన వేలి కిందున్న ఖాళీని నింపి, కొసను నేల నుంచి కొద్దిగా ఎత్తుతుంది. వేలు ఇంకా చేత్తో సరిచేస్తే తిన్నబడే దశలో ఉన్నవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఎక్కువ తిప్పలు పెట్టింది పాదం ముందరి మెత్త. వేలు పైకి లేచినప్పుడు దాని మొదట్లోని ఎముకను కిందికి నొక్కుతుంది, అరికాలి కొవ్వు కూడా ముందుకు జరిగిపోతుంది. నడిస్తే గులకరాయి తొక్కినట్టు ఉండేది. నొప్పి ఉన్నచోటే మెత్త అంటించాను, గులకరాయి పెద్దదైంది! తర్వాత నొప్పిచోట లిప్‌స్టిక్ పూసి, ఇన్‌సోల్ మీద నిలబడి, ముద్ర పడ్డ చోటుకు మడమ వైపు, సరిగ్గా వెనక, మెత్త ముందు అంచు వచ్చేలా అంటించాను. బరువు ఎముక వెనకకు మారింది. నొప్పి సగానికి తగ్గింది.

తొడుగు రాత్రి తీసేసి, కడిగి, ఆరబెట్టాలి. లేకపోతే వేళ్ల సందులు తెల్లగా నాని చిట్లుతాయి. జెల్ సాగి జారిపోతుంటే మార్చాలి. పాదాల్లో స్పర్శ తక్కువగా ఉన్నవాళ్లు రోజూ చర్మం చూసుకోవాలి. ఆనెకాయను కరిగించే ఆమ్లపు పట్టీలు వాళ్లకు వద్దు, పుండు పడినా తెలియదు.

ఇవేవీ వేలిని తిన్నగా చేయలేదు, చేయవు కూడా. నొప్పి తగ్గుతుంది, అంతే. అందుకే మొదటి ఏడాది చివర సర్జన్‌ను కలిశాను. ఆయన నా పాదం ముందుభాగాన్ని కింద నుంచి తన చేతి బొటనవేలితో పైకి నొక్కారు. నా వేలు తిన్నబడింది. "ఇలా వస్తున్నంతకాలం కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ మీద పనితోనే సరిపోవచ్చు. బిగిసిపోతే ఎముకను ముట్టుకోవాల్సి వస్తుంది" అన్నారు. బూట్లు, మెత్తలు నెలల తరబడి వాడినా నొప్పి తగ్గకపోయినా, ఆనెకాయ పదేపదే పుండు పడినా శస్త్రచికిత్స మాట వస్తుందట.

మెత్తగా వంగే వేలికి, వేలిని కిందికి లాగే టెండన్‌ను చిన్న గాటుతో తెంపవచ్చు. ఆ వేలికి మత్తిస్తే చాలు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. బదులుగా కొస పట్టు కొంత పోతుంది. ఇంకో పద్ధతిలో అదే టెండన్‌ను వేలి పైభాగానికి మళ్లించి కుడతారు, అది లాగినప్పుడు వేలి మొదలు కిందికి దిగుతుంది. ఆ తర్వాత వేలు కొంత బిగుసుగా మారడం, నెలల తరబడి వాపు మామూలే. బిగిసిన వేలికైతే మధ్య కణుపులో ఎముక కొంత తీసి, సన్నటి తీగతో కొన్ని వారాలు నిలబెడతారు.

నేను అప్పుడు వద్దన్నాను. నెలకోసారి ఇంట్లో అదే నొక్కుడు పరీక్ష చేసుకుంటున్నాను. పోయిన నెల వేలు పూర్తిగా తిన్నబడలేదు, మధ్య కణుపు దగ్గర కొంచెం వంపు మిగిలింది. మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తున్నాను.