మూలా నక్షత్రం ముందురోజు ఇంద్రకీలాద్రి: క్యూ ఎక్కడ మొదలు, సామాను ఎక్కడ, బయటికి ఎటు

ఫోన్ మ్యాప్‌లో దుర్గగుడి అని కొడితే గుర్తు కొండమీద గర్భాలయం దగ్గర పడుతుంది. మామూలు రోజుల్లో అదే చాలు. దసరాలో ఆ గుర్తును నమ్ముకుని వెళ్తే పోలీసు బారికేడ్ దగ్గర ఆగిపోతాం. ఘాట్ రోడ్డులోకి మన బండిని రానివ్వరు. మామూలప్పుడు లిఫ్టు ఎక్కి పైకి వెళ్లే మహామండపం కూడా ఆ రోజుల్లో జనం దిగే దారి అవుతుంది. వెతకాల్సింది గుడిని కాదు, క్యూ మొదలయ్యే చోటు. అది కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర ఉంటుంది.

2025లో సెప్టెంబరు 29, సోమవారం మూలా నక్షత్రం వచ్చింది. ఆ రోజు అమ్మవారికి సరస్వతీ అలంకారం. నవరాత్రుల్లో రద్దీ ఎక్కువుండే రోజుల్లో ఇదొకటి. అమ్మని తీసుకుని ఆదివారం మధ్యాహ్నానికే బెజవాడ చేరాను. సాయంత్రం ఆమెను గదిలో ఉంచి, ఒక్కణ్ణే దారి చూసిరావడానికి వెళ్లాను. పెద్దవాళ్లను వెంటపెట్టుకుని ఆ జనంలో దారి వెతకడం కంటే ఇదే నయం.

వినాయకుడి గుడి దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌ని అడిగాను, "సార్, రేపు పొద్దున ఇక్కడికే రావాలా?" అని.

"ఇక్కడికే. కానీ రాత్రికి లైను వెనక్కి పెరిగిపోద్ది. గుడి కోసం చూడకండి, తోక ఎక్కడుందో చూడండి. మధ్యలో దూరితే వెనక్కి పంపేస్తాం" అన్నాడు.

ఇక్కణ్ణించి బారికేడ్ల మధ్యగా టోల్‌గేటు, ఘాట్ రోడ్డు, ఓం టర్నింగ్ మీదుగా పైకి వెళ్తారు. లైన్లోకి వెళ్లాక బయటికి రావడం కష్టం కాబట్టి బాత్రూం, మంచినీళ్లు, మాత్రలు అన్నీ ముందే చూసుకోవాలి. గత కొన్నేళ్లుగా మూలా నక్షత్రం రోజు టికెట్లు ఆపేసి అన్ని లైన్లూ ఉచితం చేస్తున్నారు. ఆ రోజు ఎవరైనా మూడొందల టికెట్ ఇప్పిస్తానంటే నమ్మకండి.

ఇక సామాను సంగతి. అసలు తిప్పలు ఇక్కడే. దర్శనం అయ్యాక మనల్ని వచ్చిన దారిలో పంపరు. మహామండపం మీదుగా కనకదుర్గ నగర్ వైపు దింపుతారు. లడ్డూ కౌంటర్లూ అటే. క్యూ మొదట్లో చెప్పులో బ్యాగో వదిలిన వాళ్లు దర్శనమయ్యాక ఉత్త కాళ్లతో, జనానికి ఎదురుగా మళ్లీ కెనాల్ రోడ్డు దాకా రావాలి. మధ్యాహ్నం తారురోడ్డు మీద అది మామూలు మాట కాదు. అందుకే చెప్పులు గదిలోనే వదిలి ఆటోలో వెళ్లాం. లేదంటే దిగే వైపు స్టాండులో పెట్టి, టోకెన్ జేబులో వేసుకుని, అక్కణ్ణించి క్యూ దగ్గరికి నడిచినా మంచిదే. పోయేటప్పుడు కాళ్లకు ఎండ తగలదు కదా, తెల్లవారుజామున చల్లగా ఉంటుంది.

పెద్ద సామాను గుడి దాకా తేవడమే వద్దు. రైల్వే స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టొచ్చు, కానీ బ్యాగుకు తాళం ఉండాలి, ప్రయాణం టికెట్ చూపించాలి. తాళం లేని సంచిని తీసుకోరు. బస్సులో వచ్చినవాళ్లకి పండిట్ నెహ్రూ బస్టాండ్ నయం, గుడికి దగ్గర. ఫోన్లు లోపలికి వద్దంటారు కాబట్టి నాదీ అమ్మదీ గదిలోనే ఉంచేశాం. తప్పిపోతే ఎలా అన్న టెన్షన్ అమ్మకి ఉండింది. అందుకని దిగిన చోట, లడ్డూ కౌంటర్ల పక్కన ఆగాలని ముందే అనుకున్నాం. నా నంబరు, లాడ్జి పేరు చీటీ మీద రాసి ఆమె కొంగుకి ముడేశాను.

బస గురించి రెండు మాటలు. కొండ కింద వన్ టౌన్‌లో ఉంటే నడక తక్కువే గానీ, ట్రాఫిక్ మళ్లించాక ఆటో దొరకదు, రాత్రంతా మైకుల మోత. మేం గవర్నర్‌పేటలో దిగాం. గది మామూలుగా ఉంది, పండగ రేటు అంటూ ఎక్కువే గుంజారు, వేడినీళ్లు అడిగి అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. అయినా మళ్లీ వెళ్తే ఆ పేటలోనే చూస్తాను. పొద్దున్నే బారికేడ్ దాకా ఆటో దొరికింది, తిరిగొచ్చాక అమ్మ నిద్రపోయింది. స్టేషన్, బస్టాండ్ నుంచి గుడివైపు ఉచిత బస్సులు కూడా నడిపారు. వాటికోసం ఎదురుచూసే ఓపిక ఉంటే ఆటో డబ్బులు మిగులుతాయి, కానీ దిగిన చోటు నుంచి క్యూ తోక దాకా నడక తప్పదు.