కొటేషన్ మెయిల్‌లో అడ్వాన్సు, విడతలు: శాతాలు రాస్తే చాలా?

వెబ్‌సైట్ తయారీకి 2,00,000 కొటేషన్ పంపుతున్నాం అనుకుందాం. మెయిల్ చివర చాలామంది రాసేది ఇంతే: "40% అడ్వాన్సు, డిజైన్ అయ్యాక 40%, పని పూర్తయ్యాక 20%." చదవడానికి హాయిగా ఉంటుంది. చిక్కు రెండో విడత దగ్గర మొదలవుతుంది. డిజైన్ "అయ్యాక" అంటే మనం పంపినప్పుడా, వాళ్లు సరే అన్నప్పుడా? పంపేశాం కదా అని మనం ఇన్వాయిస్ పెడతాం, ఇంకా మార్పులున్నాయి కదా అని వాళ్లు ఆపుతారు. ఆ వాక్యం ప్రకారం ఇద్దరూ సరే. మూడో విడత ఇంకా ఘోరం. కస్టమర్ ఫొటోలు, వివరాలు పంపకపోతే పని ఎప్పటికీ "పూర్తి" కాదు.

అదే షరతును మొత్తం, సందర్భం కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

"పని మొదలుపెట్టడానికి 80,000. ఇది అందిన రోజు నుంచి 6 వారాల గడువు లెక్కిస్తాం. పేజీల డిజైన్ మీరు ఆమోదించాక 80,000. డిజైన్ పంపిన 7 రోజుల్లో మార్పులేవీ చెప్పకపోతే ఆమోదించినట్టే భావిస్తాం. టెస్ట్ లింకులో మీరు సైట్ మొత్తం చూసుకున్నాక, మీ సర్వర్‌లోకి ఎక్కించే ముందు 40,000. ప్రతి విడతపైనా పన్ను అదనం."

నాలుగైదు వాక్యాలు పెరిగాయి, నిజమే. కానీ బిల్లులు చూసే వ్యక్తి ఎవరినీ అడక్కుండా చెల్లింపు తేదీ వేసుకోగలరు. నా ఓటు దీనికే. 7 రోజుల మాటను మాత్రం డిజైన్ పంపే మెయిల్‌లో మళ్లీ రాయాలి. కొటేషన్‌లో ఎప్పుడో చెప్పాం కదా అని ఎనిమిదో రోజున ఇన్వాయిస్ పంపితే, షరతు మన పక్షాన ఉన్నా కస్టమర్‌కు మోసపోయినట్టే అనిపిస్తుంది.

కొందరు మూడో దారి పడతారు: అడ్వాన్సు ఎందుకు అడుగుతున్నామో ఒక పేరా అంతా వివరిస్తారు. పాత కస్టమర్లు ఎగ్గొట్టిన సంగతులు కూడా అందులో దూరుస్తారు! కొత్త కస్టమర్‌కు అది సంజాయిషీలాగో అనుమానంలాగో వినిపిస్తుంది. కారణం ఒక్క వాక్యంలో, అదీ పనికి ముడిపెట్టి చెబితే చాలు: "ఈ మొత్తంతో డిజైనర్ సమయం మీ పనికి కేటాయిస్తాం." మధ్యలో మానుకుంటే అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో కూడా దాని పక్కనే ఉండాలి. కస్టమర్ మనసులో మెదిలే మొదటి ప్రశ్న అదే.

40% ఎక్కువని బేరమాడితే అంకె తగ్గించి ఊరుకోవడం కన్నా విడత పెంచడం మేలు. అడ్వాన్సు 25%, హోమ్ పేజీ డిజైన్ ఆమోదించాక 25%, మిగతా పేజీలకు 30%, చివర 20%. అప్పుడు కస్టమర్ మొదట పెట్టేది తగ్గుతుంది, మనం డబ్బు అందకుండా చేసే పనీ పెద్దగా పెరగదు.

రెండు రోజుల్లో తేలిపోయే చిన్న పనికైతే ఇదంతా అక్కర్లేదు. "సగం ముందు, సగం ఫైళ్లు ఇచ్చేటప్పుడు" అని రాసి పంపేయొచ్చు.