ఈ-ఆటో అని చెప్పి ఈ-రిక్షా అంటగడుతున్నారు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

కరెంటు ఆటోలు కొని డ్రైవర్లకు రోజు అద్దెకు ఇద్దామనుకునే చిన్న ఊళ్ల వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా జిల్లాలో ఒక డీలర్ "ఈ-ఆటో" అంటూ మాకు రెండు బండ్లు అమ్మాడు. ఒక్క ఛార్జింగుకు 120 కిలోమీటర్లు వస్తుందన్నాడు. పర్మిట్ గొడవే లేదు, జిల్లా అంతా తిప్పుకోండి అన్నాడు. తీరా ఆర్సీ చేతికొచ్చాక చూస్తే, వాహన తరగతి దగ్గర `E-Rickshaw(P)` అని ఉంది. అడిగితే "రెండూ ఒకటేనండీ, పేరే తేడా" అన్నాడు. రెండూ ఒకటి కావు. అదే మనిషి ఇప్పుడు పక్క మండలాల్లో టెంటు వేసి లోన్ మేళాలు పెడుతున్నాడని తెలిసింది, అందుకే రాస్తున్నాను.

చూడటానికి రెండూ మూడు చక్రాల బండ్లే. ఇప్పుడు ఈ-రిక్షాలకు కూడా ఆటోలాగే రేకు బాడీ, అద్దం, తలుపులు పెట్టి అమ్ముతున్నారు కాబట్టి బయట నుంచి పోల్చుకోవడం కష్టం. చట్టం లెక్కలో మాత్రం ఈ-రిక్షా వేరే జాతి. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు, డ్రైవర్ కాకుండా నలుగురు ఎక్కొచ్చు, సామాను 40 కిలోల వరకే. అసలు ఈ-ఆటో ఎల్5 తరగతిలోకి వస్తుంది. మామూలు ఆటో లాంటిదే, ఇంజిన్ బదులు మోటారు ఉంటుంది, 25 కంటే ఎక్కువ వేగంతో పోతుంది, సాధారణంగా ముగ్గురు ప్రయాణికులకు రాస్తారు. రవాణా శాఖ రికార్డులో దాని తరగతి `Three Wheeler (Passenger)` అని కనిపిస్తుంది. ఈ ఒక్క మాట మీదే మీ రూటు, మీ డ్రైవర్ లైసెన్సు, మీ రోజు అద్దె ఆధారపడతాయి.

డీలర్ చెప్పిన పర్మిట్ మాట సగం నిజం, అందుకే ప్రమాదం. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చిన మాట వాస్తవమే. అది ఈ-రిక్షాకూ ఈ-ఆటోకూ రెండింటికీ వర్తిస్తుంది. కానీ పోయింది పర్మిట్ ఒక్కటే. రిజిస్ట్రేషన్, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవర్ లైసెన్సు అన్నీ అలాగే ఉన్నాయి. ఫలానా రోడ్ల మీద ఫలానా బండ్లు తిరగకూడదని కట్టడి చేసే అధికారం ప్రభుత్వానికి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఎప్పుడూ ఉంది, పర్మిట్ లేకపోవడంతో దానికి సంబంధం లేదు. మా బండ్లను హైవే జంక్షన్ దగ్గర ఆపింది అలాంటి కట్టడి కిందే. మా ఊళ్లో కలెక్షన్ అంతా ఆ జంక్షన్ నుంచి రైల్వే స్టేషన్ దాకా ఉన్న రూట్లోనే. ఆ విషయం మేం ముందే చెప్పాం, "బ్రహ్మాండంగా తిప్పుకోండి" అని డీలర్ షోరూంలో నలుగురి ముందు అన్నాడు.

లైసెన్సు సంగతి ఇంకా ముఖ్యం. ఈ-రిక్షా నడపడానికి దానికోసం ప్రత్యేకంగా లైసెన్సు కావాలి, కనీసం పది రోజుల శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పిన తీర్పును చూపించి "మీ కారు లైసెన్సు చాలు" అంటున్నారు. అదే తీర్పులో ఈ-రిక్షాలకు ఉన్న ప్రత్యేక నిబంధనలు అలాగే ఉంటాయని కూడా ఉంది. ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట చూసేది డ్రైవర్ లైసెన్సే. సరైన లైసెన్సు లేకపోతే నష్టపరిహారం బండి ఓనర్ నెత్తిన పడుతుంది, డీలర్ నెత్తిన కాదు.

ఇక బ్యాటరీ. మా బండ్లలో సీటు కింద 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు ఉన్నాయి, వరుసగా కలిపి 48 వోల్టులు. మీద 120 ఏహెచ్ అని పెద్ద అక్షరాలు, దాని పక్కనే చిన్నగా `C20` అని ఉంటుంది. అసలు కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడితేనే 120 వస్తుందని దానర్థం. మన బండి నలుగురిని ఎక్కించుకుని తిరిగితే ఛార్జింగ్ నాలుగైదు గంటల్లోనే అయిపోతుంది. అలా గబగబా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు ఐదో వంతు తక్కువ ఇస్తుంది. లెక్క చూడండి. 48ని 120తో గుణిస్తే 5.8 యూనిట్లు. అందులో ఐదో వంతు పోతే 4.6. బ్యాటరీని పూర్తిగా అడుగంటా వాడితే తొందరగా చస్తుంది కాబట్టి అందులో ఇంకో ఐదో వంతు మిగల్చాలి, అంటే చేతికొచ్చేది 3.7 యూనిట్లు. నిండా మనుషులతో కిలోమీటరుకు సుమారు 50 వాట్-అవర్లు తింటుంది. అలా చూస్తే కొత్త బ్యాటరీతోనే 75 కిలోమీటర్లు దాటదు. 120 అన్న మాట ఖాళీ బండిని చదును రోడ్డు మీద తోలి, బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తే వచ్చే అంకె.

ఎండాకాలం గడిచేసరికి మా బండ్లు 55 దగ్గర ఆగిపోవడం మొదలైంది. డ్రైవర్ మధ్యాహ్నం మూడింటికే షెడ్డుకు వచ్చి "అన్నా, సాయంత్రం కాలేజీ బేరం మొత్తం పోతోంది, ఈ అద్దె నావల్ల కాదు" అని తాళం బల్ల మీద పెట్టాడు. తెలిసిన బ్యాటరీ మెకానిక్‌ను పిలిపించి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టాక యాసిడ్ చిక్కదనం చూసే హైడ్రోమీటరుతో ఒక్కో అర చూపించాం. మూడు బ్యాటరీల్లో అన్ని అరలూ 1.250కి పైన ఉన్నాయి. నాలుగో దాంట్లో రెండు అరలు 1.180 దగ్గరే ఉన్నాయి, అంటే అవి సరిగా ఛార్జ్ కావడం లేదు. నాలుగూ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఒకటి చచ్చిందంటే మొత్తం సెట్టు కుంటుతుంది. ఆ నాలుగో బ్యాటరీ మీద తయారీ నెల చూస్తే మిగతా మూడింటికంటే చాలా పాతది. గోడౌన్లో ఛార్జింగ్ లేకుండా పడి ఉన్నదాన్ని కొత్త సెట్టులో కలిపి పెట్టారన్నమాట. వారంటీ అడిగితే "మీరు డిస్టిల్డ్ వాటర్ సరిగా పోయలేదు" అన్నారు. వారంటీ కార్డులో బ్యాటరీ సీరియల్ నంబర్ల గడి ఖాళీగా వదిలేసి ఇచ్చారు, దాంతో ఏ బ్యాటరీ వాళ్లదో కాదో వాళ్లు చెప్పిందే వేదం.

ఒక్కో బండికి డబ్బు లెక్క ఇప్పుడు చెబుతాను, నెలకు 26 రోజులు తిరుగుతుంది అనుకుని. ఈ-రిక్షా రోజు అద్దె 350, అంటే నెలకు 9,100. లక్షా నలభై వేల లోనుకు ఈఎంఐ 5,830 కడుతున్నాం. బ్యాటరీ సెట్టు మార్చాలంటే పాతవి ఇచ్చేశాక 32,000 పడుతుంది, పది నెలలు వస్తే గొప్ప, కాబట్టి నెలకు 3,200 పక్కన పెట్టాలి. షెడ్డులో కరెంటు 1,300. మొత్తం 10,330. అంటే అంతా సవ్యంగా ఉన్నా నెలకు 1,200 పైన చేతి నుంచి పడుతోంది. రేంజ్ పడిపోయాక డ్రైవర్ 250 కంటే ఇవ్వలేనన్నాడు, అతని తప్పేమీ లేదు. అప్పుడు లోటు 3,800కి చేరింది. డీలర్ మాకు రాసిచ్చిన కాగితంలో ఈఎంఐ, కరెంటు రెండే ఉన్నాయి, బ్యాటరీ మార్పిడి ఖర్చు లేనే లేదు.

మా ఊళ్లోనే ఇంకొకాయన లిథియం బ్యాటరీ ఉన్న అసలు ఎల్5 ఈ-ఆటో తిప్పుతున్నాడు, తొమ్మిది యూనిట్ల దగ్గరి బ్యాటరీ. మూడు లక్షల లోను, ఈఎంఐ 8,200. ఇది చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. కానీ ఆ బండి నిజంగా 120 కిలోమీటర్లు తిరుగుతుంది, జంక్షన్ రూట్లో పోతుంది, అద్దె 500 పలుకుతుంది. 13,000 వస్తే ఈఎంఐ, కరెంటు 1,950 పోగా ఇన్సూరెన్స్‌కీ టైర్లకీ 2,850 మిగులుతోంది. ఏటా బ్యాటరీ కొనే బాధ లేదు. దాని ఇబ్బంది దానికీ ఉంది. బ్యాటరీలో ఎలక్ట్రానిక్స్ మొరాయిస్తే మన ఊరి మెకానిక్ ఏమీ చేయలేడు, కంపెనీ మనిషి రావాలి, అందాకా బండి షెడ్డులోనే. కాబట్టి సర్వీస్ సెంటర్ ఎంత దూరమో కనుక్కోకుండా అదీ కొనకండి.

ఈ-రిక్షా అసలు పనికిరాదని అనడం లేదు. బస్టాండు నుంచి సంతదాకా రెండు మూడు కిలోమీటర్ల బేరాలు, ఇంటి దగ్గరే ఛార్జింగ్, ఓనరే డ్రైవరు అయితే అది నడుస్తుంది. అద్దెకిచ్చే వాళ్లకు, పల్లె రూట్ల వాళ్లకు మాత్రం వద్దు.

ఇంకో ఉచ్చు ఉంది. బ్యాటరీలు పోయాక అదే డీలర్ "లిథియం పెట్టిస్తాను, సగం ధరకే" అంటాడు. ఊళ్లో షెడ్డులో అతికించిన ప్యాక్ అది, లోపల పాత సెల్స్ ఉన్నా తెలియదు. బండితో పాటు పరీక్షించి ఆమోదించిన బ్యాటరీ కాకపోతే భద్రతకు పూచీ లేదు, మంటలు అంటుకుంటే ఇన్సూరెన్స్ దగ్గర మళ్లీ గొడవే. భద్రతా ప్రమాణం ఏఐఎస్-156 సర్టిఫికెట్ కాపీ అడగండి. మాకు "తర్వాత పంపిస్తాం" అన్నారు, మేం వద్దన్నాం.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ మోడల్‌కు ఇదివరకే రిజిస్టర్ అయిన ఒక బండి నంబరు అడగండి. దాన్ని mParivahan యాప్‌లో కొడితే తరగతి ఏమిటో అక్కడే కనిపిస్తుంది. కొటేషన్ మీద కూడా ఆ తరగతి రాసి స్టాంపు వేయమనండి, వెనకాడితే అక్కడితో లేచి వచ్చేయండి. డెలివరీ రోజు డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్ ఫారం 21, బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే ఫారం 22 కాపీలు తీసుకోండి, నాలుగు బ్యాటరీల తయారీ నెలలు ఒకటేనా చూసి, సీరియల్ నంబర్లు వారంటీ కార్డులో మీ కళ్ల ముందే రాయించండి. ఒక పూట నిండా మనుషులతో మీ రూట్లోనే తోలి చూడనివ్వమనండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్న వాళ్లు ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కొన్నప్పుడు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు, రెండేళ్లలోపు వేయాలి. అద్దెకు తిప్పే బండ్లు వ్యాపారం కిందకొస్తాయి, కాబట్టి మీరు వినియోగదారులే కారని అవతలివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధి కోసం, బతుకుతెరువు కోసం కొన్నామని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. మేం డీలర్ రాసిచ్చిన 120 కిలోమీటర్ల పాంప్లెట్, హైడ్రోమీటర్ ఫొటోలు, ఆర్సీ కాపీ జతచేసి హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. ఇదే డీలర్ దగ్గర కొన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి, ఎవరి ఫిర్యాదు వాళ్లే వేసినా ఒకరి కాగితాలు ఇంకొకరికి సాక్ష్యంగా పనికొస్తాయి.